రిమోట్‌లో కారిన సెల్లు: వెనిగరా, వంటసోడానా?

శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి ఏసీ రిమోట్ కోసం వెతుకులాట మొదలవుతుంది. బీరువా మీదో, గోడకు తగిలించిన స్టాండులోనో అది దొరుకుతుంది. బటన్ ఎంత నొక్కినా చలనం ఉండదు. వెనక మూత తీస్తే సెల్లు అడుగున, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పొంగి ఉంటుంది. కొన్నిసార్లు అది పొడిలా కాకుండా గోధుమరంగు జిగురులా అంటుకుపోయి ఉంటుంది. సెల్లు కారిపోయిందన్నమాట. ఈ స్థితిలో చాలామంది చేసే పనులు రెండే. స్క్రూడ్రైవర్‌తో సెల్లును పెకలించి, తడిగుడ్డతో తుడిచి కొత్తవి వేయడం, లేదా రిమోట్‌నే పారేయడం. మొదటిది ప్రమాదం, రెండోది చాలాసార్లు అనవసరం.

టీవీ రిమోట్ కంటే ఏసీ రిమోట్‌లోనే సెల్లు ఎక్కువగా కారడానికి కారణం ఉంది. టీవీ రిమోట్ బటన్ నొక్కినప్పుడే కరెంటు తీసుకుంటుంది. మిగతా సమయంలో దాని వాడకం దాదాపు శూన్యం. ఏసీ రిమోట్‌కు తెర ఉంది, చాలావాటిలో గడియారం కూడా ఉంటుంది. మనం ఏసీ ఆపేసి దసరా, దీపావళి, సంక్రాంతి చేసుకుంటున్నా ఆ తెర మీద అంకెలు కనబడుతూనే ఉంటాయి. తీసుకునే కరెంటు బహు స్వల్పం. అయినా అది నెలల తరబడి ఆగదు. అప్పటికే సగం వాడేసిన సెల్లు ఆ నెలల్లో పూర్తిగా ఖాళీ అవుతాయి. ఖాళీ అయిన సెల్లును లోపలే వదిలేయడం కారడానికి ముఖ్య కారణం.

ఖాళీ అయ్యాక ఎందుకు కారుతుందో తెలియాలంటే మన కొట్లలో దొరికే సెల్లు రెండు జాతులని గుర్తుంచుకోవాలి. చవకగా దొరికేది జింక్ కార్బన్ సెల్లు. అందులో జింకు రేకే డబ్బా, అదే మైనస్ వైపు పదార్థం కూడా. అంటే సెల్లు కరెంటు ఇచ్చేకొద్దీ తన డబ్బాను తానే తినేస్తుంది. చివరికి రేకు పలచబడి చిల్లులు పడుతుంది. లోపల ఉండే జింక్ క్లోరైడ్, కొన్నింటిలో నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్, ఆ చిల్లుల్లోంచి తడిగా బయటికి వస్తాయి. ఈ తడికి ఆమ్ల గుణం ఉంటుంది. జింక్ క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి అది త్వరగా ఆరదు, వానాకాలంలో మరీ జిగటగా ఉంటుంది. నీరసించిన సెల్లును ఎండలో పెట్టి, అటూ ఇటూ తిప్పి, రిమోట్ మీద చేత్తో కొట్టి ఇంకో వారం వాడుకోవడం మనకు అలవాటు. అప్పటికే పలచబడిన రేకులోంచి చివరి చుక్క పిండుతున్నామన్నమాట. కారేది సరిగ్గా ఆ దశలోనే.

రెండోది ఆల్కలైన్ సెల్లు. ఖరీదు ఎక్కువ, మన్నికా ఎక్కువే. దీని డబ్బా ఉక్కుది, అది అరగదు. జింకు పొడిరూపంలో మధ్యలో ఉంటుంది, దాని చుట్టూ పొటాషియం హైడ్రాక్సైడ్ అనే గాఢమైన క్షారం. సెల్లు ఖాళీ అయి పడి ఉన్నప్పుడు లోపల కొద్దికొద్దిగా హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఒత్తిడి పెరిగితే డబ్బా పేలిపోకుండా మైనస్ వైపు బిరడాలో ఒక బలహీనమైన చోటు కావాలనే పెట్టి ఉంటారు. అది తెరుచుకోగానే వాయువుతోపాటు క్షారమూ బయటికి పాకుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బొనేట్‌గా మారి తెల్లటి నురుగులా గడ్డకడుతుంది. మనకు కనబడే తెల్లపొడి అదే. పొడిగా మారిన భాగం కాస్త మెతకదే. దాని కింద ఇంకా తడిగా ఉన్న క్షారం మాత్రం చర్మాన్ని తినేస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. చార్జింగ్ చేసుకునే నికెల్ సెల్లలోనూ ఉండేది ఇదే క్షారం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సెల్లు కారితే వెనిగర్ పెట్టి తుడవమని అందరూ చెబుతారు. ఆల్కలైన్ సెల్లు విషయంలో అది సరైన మాటే, క్షారాన్ని ఆమ్లం విరుస్తుంది. కానీ మన ఇళ్లలోని రిమోట్లలో చాలావరకు ఉండేవి జింక్ కార్బన్ సెల్లు. వాటిలోంచి వచ్చేదే ఆమ్లం. దాని మీద మళ్లీ ఆమ్లం పోస్తే విరగదు సరికదా, స్ప్రింగును తినే పనికి తోడవుతుంది. దానికి కావలసింది వంటసోడా. వాడాల్సినదానికి బదులు ఇంకోటి వాడితే పెద్ద ప్రమాదమేమీ జరగదు, ఉన్న మరక విరగకుండా మిగిలిపోతుందంతే. అలా మిగిలినదే ఆ తర్వాత కొత్త సెల్లు వేసినా స్ప్రింగును కొరుక్కుతింటూ ఉంటుంది.

కాబట్టి తుడవడానికి ముందు ఏం కారిందో తేల్చుకోవాలి. మొదటి ఆధారం సెల్లు మీది ముద్ర. సన్న సెల్లయితే జింక్ కార్బన్‌కు ‘ఆర్03’ అనీ, ఆల్కలైన్‌కు ‘ఎల్ఆర్03’ అనీ ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటుంది. కాస్త లావు సెల్లయితే ‘ఆర్6’, ‘ఎల్ఆర్6’. ముందున్న ఎల్ అక్షరమే ఆల్కలైన్ గుర్తు. అదికాక ఆల్కలైన్ అనే మాట కూడా పెద్దగానే వేస్తారు. పొడి రంగును నమ్ముకోవద్దు. రెండు రకాలూ తెల్లగా గడ్డకట్టవచ్చు. ఇత్తడి, రాగి భాగాలకు తగిలితే రెండూ పచ్చగానో నీలంగానో మారవచ్చు.

ముద్ర చెరిగిపోతే వంటింట్లో పసుపు ఉంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడటం మనందరం చూసిందే. సున్నమూ క్షారమే. అదే గుణం ఇక్కడా పనికొస్తుంది. చిటికెడు పసుపును నాలుగు చుక్కల నీళ్లలో కలిపి తెల్లకాగితం మీద పూసి ఆరబెట్టాలి. ఆ పసుపు మంచిదో కాదో చూడటానికి కాగితం మూల తడి బట్టల సబ్బు ముక్క ఆనించండి. అక్కడ ఎర్రబడితే కాగితం పనికొస్తుంది. తర్వాత చెవులు శుభ్రం చేసుకునే బడ్‌ను ఒక్క చుక్క నీటితో తడిపి, కారినచోట కాస్త పొడిని అంటించి, కాగితం మధ్యలో అద్దాలి. ఇటుకరంగులోకో ఎరుపులోకో మారితే అది క్షారం, ఆల్కలైన్ లీకు. పసుపు పసుపుగానే ఉంటే జింక్ కార్బన్ అనుకోవచ్చు. ఆ బడ్‌ను మళ్లీ వాడకుండా పక్కన పెట్టేయాలి. ఇదంతా గ్లౌజులు వేసుకున్నాకే చేయాలి.

గ్లౌజుల మాట వచ్చింది కాబట్టి జాగ్రత్తలు ఇక్కడే చెబుతాను. రబ్బరు గ్లౌజులు లేకపోతే చేతికి పాలిథిన్ కవరైనా తొడుక్కోవాలి. కళ్లజోడు తప్పనిసరి. చదువుకునే అద్దాలైనా సరే, ఏదీ లేకుండా మాత్రం మొదలుపెట్టవద్దు. స్ప్రింగు తప్పించుకుని ఎగిరినప్పుడు దాని మీది పొడి ముఖానికే వస్తుంది. కిటికీ తీసి, బల్ల మీద పాత పేపరు పరిచి, పిల్లల్ని దూరంగా ఉంచి పని చేయాలి. పొడిని నోటితో ఊదడం మనకు చెయ్యి తిరిగిన అలవాటు, కానీ ఇక్కడ అస్సలు చేయకూడదు. పొడి చేతికి తగిలి వేళ్లు సబ్బు రాసుకున్నట్టు జారుతుంటే క్షారం చర్మాన్ని తాకిందని అర్థం. కుళాయి కింద పావుగంట కడగాలి. చర్మం మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పోయకూడదు, నీళ్లే మందు. కంట్లో పడితే కుళాయి ధార కింద రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పావుగంట, వీలైతే ఇరవై నిమిషాలు ఆపకుండా కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. క్షారం కంట్లోకి లోతుగా దిగుతుంది. మంట తగ్గినంత మాత్రాన ప్రమాదం తప్పినట్టు కాదు.

ఇక సెల్లును తీయడం. మామూలుగా ఫ్లస్ బొడిపె ఉన్న వైపు చదునైన రేకు, మైనస్ వైపు స్ప్రింగు ఉంటాయి. కారేది ఎక్కువగా మైనస్ వైపు కాబట్టి అక్కడే అంటుకుపోతుంది. అందుకని అటువైపు పెకలించకూడదు. ఐస్‌క్రీం పుల్లనో, గట్టి ప్లాస్టిక్ చెంచా కాడనో ఫ్లస్ వైపు సందులో పెట్టి, సెల్లును స్ప్రింగు వైపు కొద్దిగా నెట్టి, ఆ చివరను పైకి లేపాలి. సెల్లు వాలుగా లేస్తుంది, అంటుకున్న చోట పొడి టప్పున విరుగుతుంది. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దనడానికి రెండు కారణాలు. అది పలచబడిన డబ్బాను పొడిచేస్తుంది. జారితే స్ప్రింగు మీది నికెల్ పూతను గీరేస్తుంది.

అయినా కదలకపోతే బలం వాడవద్దు. ఆల్కలైన్ అని తేలితే బడ్‌తో రెండు మూడు చుక్కల వెనిగర్, జింక్ కార్బన్ అయితే వంటసోడా నీళ్లు, అంటుకున్న చోట అద్ది ఐదు నిమిషాలు ఆగాలి. పొడి మెత్తబడ్డాక మళ్లీ ప్రయత్నించాలి. వేడి చేయడం, సుత్తితో తట్టడం, సెల్లును కోయడం ఏవీ చేయవద్దు. సెల్లు పొట్ట ఉబ్బి అరలో బిగుసుకుపోతే ప్లాస్టిక్ గోడ కాస్త విరిగినా పర్వాలేదు గానీ సెల్లు పగలకూడదు. బయటికి వచ్చిన సెల్లును వెంటనే ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టేయాలి.

ఇప్పుడు రిమోట్‌ను అర నోరు కిందికి వంగేలా పట్టుకుని, పాత టూత్ బ్రష్‌తో పొడిని పేపరు మీదికి దులపాలి. ముందు పొడిపొడిగానే ఎంత రాలితే అంత. తడి తర్వాత. ఎందుకంటే స్ప్రింగు తోక ఒక సన్న సందులోంచి లోపలి సర్క్యూట్ బోర్డు దాకా వెళ్తుంది. అరలో నీళ్లు పోస్తే పొడి కరిగి ఆ సందులోంచి బోర్డు మీదికే దిగుతుంది. అందుకే ఏ ద్రవమైనా బడ్‌తోనే, చుక్క కారకుండా పిండి వాడాలి. వెనిగర్ ఒక చెంచా సరిపోతుంది. నిమ్మరసమూ పనిచేస్తుంది గానీ వడగట్టి వాడాలి, అందులోని తీపి జిగురుగా మిగలకుండా ఆ తర్వాత మరింత శ్రద్ధగా తుడవాలి. సోడా అయితే పావు చెంచాను మూడు చెంచాల నీళ్లలో పూర్తిగా కరిగించుకోవాలి.

క్షారం మీద వెనిగర్ పెట్టగానే చిన్న చిన్న బుడగలు వస్తాయి. కార్బొనేట్ విరుగుతోందని అవి చెబుతాయి. బడ్ మార్చుకుంటూ బుడగలు ఆగేదాకా అద్దాలి. సోడాకు ఇంత స్పష్టమైన గుర్తు ఉండదు, కొద్దిగా నురగ వస్తుందంతే. బడ్‌కు మరక రావడం ఆగేదాకా చేయాలి. ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. వెనిగర్ అయినా సోడా అయినా అక్కడే ఉండిపోకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన బడ్‌తో రెండు మూడుసార్లు తుడవాలి. చివరగా సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే మిగిలిన తడి త్వరగా ఆరిపోతుంది. జెల్ శానిటైజర్ దానికి బదులు కాదు, అందులోని గ్లిజరిన్ జిగురుగా నిలిచిపోతుంది. ఫ్యాన్ కింద మూత తీసి రాత్రంతా ఉంచితే మంచిది.

శుభ్రమయ్యాక స్ప్రింగు తెల్లగా మెరుస్తుంటే నికెల్ పూత బతికే ఉంది, దాన్ని ఇక ముట్టుకోవద్దు. మసకగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దితే సరిపోతుంది. గోధుమరంగు తుప్పు కనబడితే పూత పోయి లోపలి ఉక్కు బయటపడిందన్నమాట. సన్న ఎమరీ పేపరు ముక్కతో సెల్లు ఆనే చోట మాత్రమే తేలిగ్గా రుద్దాలి. రుద్దిన చోట ఉన్న కాస్త పూతా పోతుంది కాబట్టి ఆ స్ప్రింగు మళ్లీ తుప్పు పడుతుందని తెలిసే చేయాలి. గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం వాడవద్దు, రాలిన సన్న తీగ బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

ఈ మధ్య మా పక్కింటావిడ తెచ్చిన ఏసీ రిమోట్‌లో ఈ దశలన్నీ వరసగా కనబడ్డాయి. రెండు సన్న సెల్లు ఉన్నాయి. ఎడమది బాగానే ఉంది, దాని మీద ‘ఆర్03’ అని స్పష్టంగా ఉంది. కుడిది కారింది, దాని కాగితం తడిసి అక్షరాలు చెరిగిపోయాయి. “రెండూ ఒకేసారి కొన్నవే అనుకుంటానండీ” అన్నారావిడ. ఆ లెక్కన సోడా వాడాలి. కానీ పసుపు కాగితం ఎర్రబడింది. అడిగితే, వేసవి మధ్యలో సెల్లు అయిపోయినప్పుడు పెద్దబ్బాయి ఆటబొమ్మలోంచి ఒకటి తీసి వేశాడని గుర్తొచ్చింది. కారింది ఆల్కలైన్, పక్కది జింక్ కార్బన్. అలా కలిపి వేయడమే సగం కారణం. రెండు సెల్లు వరసగా కలిసి ఉన్నప్పుడు రెండింటిలోంచీ ఒకే కరెంటు పోతుంది. ఒకటి ముందు ఖాళీ అయితే, ఇంకా సత్తువ ఉన్న రెండోది దానిలోంచి బలవంతంగా కరెంటును నడిపిస్తుంది. ఖాళీ సెల్లు తిరగబడి వాయువు పుట్టిస్తుంది, బిరడా తెరుచుకుంటుంది. బొమ్మలో అప్పటికే సగం వాడేసిన సెల్లు కనుక ఇక్కడ ముందు ఖాళీ అయింది ఆల్కలైన్‌దే.

వెనిగర్, నీళ్లు, ఆల్కహాల్ అన్నీ అయ్యాక మర్నాడు కొత్త సెల్లు వేస్తే తెర వెలిగింది. ఆవిడ సంతోషించారు. కానీ బటన్ నొక్కగానే అంకెలు మాయమై గడియారం మళ్లీ మొదటికి వచ్చింది. ఈ లక్షణాన్ని గుర్తుపెట్టుకోవాలి. తెరకు కావలసిన కరెంటు అతి తక్కువ, మురికి స్ప్రింగులోంచి కూడా అది అందుతుంది. బటన్ నొక్కినప్పుడు ముందున్న ఇన్ఫ్రారెడ్ బల్బు వెలగడానికి దానికి ఎన్నో రెట్ల కరెంటు ఒక్కసారిగా కావాలి. ఆ క్షణంలో స్ప్రింగు దగ్గర అడ్డు ఉంటే వోల్టేజీ పడిపోయి రిమోట్ నిద్రపోయి లేస్తుంది. కాబట్టి తెర వెలగడం పని పూర్తయిందనడానికి సాక్ష్యం కాదు. రిమోట్ ముందువైపును ఫోన్ కెమెరాకు చూపించి బటన్ నొక్కాలి. బల్బు ఊదా రంగులోనో తెల్లగానో మిణుకుమంటే సంకేతం వెళ్తోంది. ఫోన్ వెనక కెమెరాలో కనబడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడాలి, కొన్ని ఫోన్ల వెనక కెమెరా ఆ కాంతిని అడ్డుకుంటుంది.

ఆ రిమోట్‌లో లోపం స్ప్రింగు మొదట్లో, సందులోకి దూరే చోట ఉంది. పైపైన చూస్తే కనబడలేదు. సెల్లు తీసేసి, బ్యాటరీ అరలోని చిన్న మరను విప్పి, అంచుల కొక్కేలను పాత ఏటీఎం కార్డుతో సడలించి తెరిచాం. స్ప్రింగు తోకను బోర్డుకు టంకం వేసిన చోట తెల్లపొడి పాకి ఉంది. మళ్లీ బడ్‌తో వెనిగర్, నీళ్లు, ఆల్కహాల్. టంకం గట్టిగానే ఉంది, రాగి గీత తెగలేదు. ఆరాక బిగిస్తే బటన్ నొక్కినా తెర నిలబడింది, కెమెరాలో బల్బు మిణికింది.

అన్నిసార్లూ ఇలా కుదరదు. బోర్డు మీది రాగి గీత పచ్చగా ఉబ్బి, బడ్ తగలగానే ఊడి వస్తే ఇంట్లో చేసేది ఆగిపోవాలి. టంకం పని తెలిసిన మెకానిక్ ఆ తెగినచోట సన్న తీగ అతుకుతాడు. స్ప్రింగు విరిగితే విడిగా దొరుకుతుంది. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలాంటి ఎలక్ట్రానిక్స్ వీధుల్లో ఇలాంటి చిన్న భాగాలు అమ్ముతారు. బటన్ల కింద నల్లటి కార్బన్ చుక్కల దాకా తడి పాకి ఉంటే, లేదా చిప్ కాళ్ల మధ్య మరక ఉంటే, కొత్త రిమోట్ కొనుక్కోవడమే మేలు. నాణెంలా ఉండే లిథియం సెల్లు వాడే రిమోట్లకు ఈ వ్యాసంలోని పద్ధతి వర్తించదు. ఆ చిన్న సెల్లును పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

తీసిన పాత సెల్లును, మరక అంటిన బడ్‌లను, గ్లౌజులను ఒకే కవరులో మూతి కట్టి ఉంచాలి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన సెల్లును ఇంటి ప్రమాదకర చెత్త కింద లెక్కించారు, అంటే తడి, పొడి చెత్తల్లో కలపకుండా విడిగా ఇవ్వాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత సెల్లు వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదార్ల మీద పెట్టాయి. ఎలక్ట్రానిక్ చెత్త సేకరించే చోటు దగ్గర్లో ఉంటే అక్కడ ఇచ్చేయవచ్చు. భోగి మంటల్లో వేయడం మాత్రం ఎంతమాత్రం కుదరదు, మూసిన డబ్బా వేడికి పేలుతుంది.

వేసవి అయిపోయి ఏసీకి కవరు కప్పే రోజున రిమోట్‌లోంచి సెల్లు తీసి, అవే సరిపోయే టార్చిలైటుకు జతగా వేసుకోవచ్చు. మళ్లీ ఎండలు వచ్చినప్పుడు రిమోట్‌లో రెండూ ఒకే రకం, ఒకేసారి కొన్న కొత్త సెల్లు పెట్టాలి.